వెనక బాల్కనీ చప్పుడు

సిరిసిల్లలో ఇళ్ళు అమ్మిపెట్టే రోజుల్లో నా బతుకంతా ఫోటో కింద రాసే నాలుగు ముక్కల మీదే నడిచేది. దుబాయ్‌లో ఉన్నవాళ్ళైనా, భీవండిలో ఉన్నవాళ్ళైనా వాట్సాప్‌లో ఫోటో చూసి, ఆ ముక్కలు నచ్చితేనే ఫోన్ చేసేవారు.

ఒకామె తన టూ బెడ్‌రూం ఫ్లాటు నా చేతిలో పెట్టింది. గల్ఫ్‌లో భర్త పనిచేసే కంపెనీ మూతపడి, అతను కూలీల క్యాంపులో ఊరికే కూర్చున్నాడు. ఫ్లాటు అమ్ముడుపోతే ఆ డబ్బుతో కోరుట్లలో చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. అప్పుడే వస్తానని అతని పట్టుదల.

హాలు ఫోటో తీసి కింద ఇలా రాశాను: "తూర్పు ముఖం. రెండు పడకగదులు, రెండు బాత్రూంలు. లిఫ్టు, కారు పార్కింగు. బోరుతో పాటు మున్సిపల్ నల్లా. కాగితాలు క్లియర్, బ్యాంకు లోను వస్తుంది." చివర 'ప్రశాంత వాతావరణం' అని ఆమె పట్టుబట్టి చేర్పించింది.

ఫ్లాటు వెనక సందు నిండా సాంచాలే. బట్ట నేసే ఆ మరమగ్గాలు పొద్దున మొదలైతే ఆగవు. వచ్చినవాళ్ళు హాలు మెచ్చుకునేవారు, వెనక బాల్కనీ తలుపు తీయగానే మొహాలు మాడ్చుకునేవారు. ఒకాయనైతే నన్నే మోసగాడన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"సాంచాల సంగతి గూడ రాస్తనక్కా," అన్నాను.

"గట్ల రాస్తె ఎవలస్తరన్నా? ఆయన ఆడనే ఉండిపోవాల్నా?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నా కోపం చల్లారింది, కానీ పట్టు వదల్లేదు. 'ప్రశాంత వాతావరణం' తీసేసి, "వెనక సందులో సాంచాలు నడుస్తాయి. ముందు పడకగదిలోకి చప్పుడు అంతగా రాదు" అని రాసి మళ్ళీ పెట్టాను. వారం దాకా ఫోన్ మోగలేదు. ఆమె ఎదురుపడితే తల తిప్పుకుని నడిచేవాణ్ణి.

తర్వాత భీవండిలో ఏళ్ళ తరబడి సాంచాలు నడిపి, సామాను సర్దుకుని వచ్చేసిన ఒక పెద్దాయన, భార్యతో కలిసి వచ్చాడు. హాలు వైపు చూడనైనా చూడలేదు. నేరుగా వెనక బాల్కనీలోకి పోయి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగనే నడుస్తున్నయి గదా! మా దిక్కు సగం బందు వెట్టిండ్రు. గీ చప్పుడు లేకుంటె నాకు నిద్ర పట్టదే," అన్నాడు భార్యతో.

"నీ నిద్ర సంగతి పక్కకు వెట్టు. ఎండకాలం గూడ నల్లా అస్తదా?" అని ఆవిడ నన్నడిగింది. వస్తుందన్నాను. ఆవిడ నమ్మక, వంటింట్లో పంపు తిప్పి చూసుకుంది, పక్కింటివాళ్ళనూ అడిగొచ్చింది. అప్పుడు గాని తల ఊపలేదు.

బేరం కుదిరింది. ఇంటామె వెనక బాల్కనీలోంచే గల్ఫ్‌లోని భర్తకు వీడియో కాల్ కలిపింది. సాంచాల హోరులో అతనికి ఏమీ వినిపించడం లేదు. ముందు గదిలోకి పొమ్మని నేను చెయ్యి చూపించినా ఆమె కదల్లేదు, అక్కడే నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"ఇల్లు అమ్ముడువోయింది! టికెట్ తీస్కో, ఇగ రా!"