నీలి ఒప్పుకున్నంత వరకే

విజయకు అతిథులు ఫోన్ చేస్తే దొరికేవాళ్లు కాదు. ఆమె యూట్యూబ్ ఛానెల్లో మాట్లాడేది ఇంట్లో, పొలంలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు. వాళ్ల జాడ ఎవరో నమ్మకస్తులు చెప్పాలి. నీలి సంగతి చెప్పింది మరిపెడలో మిర్చి తొడిమెలు తీసే ఓదెమ్మ.

"మొగుడు సచ్చిపోయిండు. ఎకరంనర భూమి రాసియ్యమని మరిది సంపుతుండు బిడ్డా. మెల్లగ మాట్లాడు."

విజయ మొదటిసారి కెమెరా లేకుండానే నీలి ఉండే తండాకు వెళ్లింది. నీలి తల పక్కకు తిప్పుకునే కూర్చుంది. ఎడమ చెవి మీద మరిది గొడ్డలి కర్రతో కొట్టిన దెబ్బకు ఆ వైపు వినపడదు. విజయ కుడివైపుకు మారి కూర్చుని, ఏం అడగొచ్చో, ఏం అడగొద్దో ఆమెతోనే చెప్పించుకుంది. హాస్టల్లో చదివే కూతురు దీప పేరు రావద్దంది నీలి.

"ఇప్పుడు మాట్లాడినా, వీడియో చూసినంకనే అనుమతి కాగితం మీద సంతకం పెట్టు. వద్దంటే తీసేస్త," అంది విజయ.

తండాలో తీస్తే మరిది టీక్యాకు తెలుస్తుందని, డోర్నకల్‌లో రైలు పట్టాల పక్కనున్న విజయ అద్దెగదిలో తీయాలనుకున్నారు. కెమెరా పట్టేది సంజీవ. ఫ్యాను ఆపాడు. నీలి పూసలదండ మైకుకు రాసుకుంటుంటే, మైకును రవిక అంచుకు మార్చాడు. విజయకొకటి, నీలికొకటి పెట్టి, ఇద్దరి గొంతులూ వేర్వేరు ట్రాకుల్లో పడేట్టు చూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

నీలి బాగానే మాట్లాడింది. చెవి పగిలిన రోజు దగ్గరికి వచ్చేసరికి పట్టాల మీద గూడ్సు బండి మొదలైంది.

"జర ఆగక్కా, బండి పోనీ," అన్నాడు సంజీవ. రికార్డింగు మాత్రం ఆపలేదు.

ఆ చప్పుడులో తలుపు తెరుచుకున్నది ఎవరికీ వినపడలేదు. తండా నుంచి నీలి వెనకే వచ్చిన టీక్యా చేతిలో ఇనుపరాడు ఉంది. మొదటి దెబ్బకు స్టాండు కూలి కెమెరా గోడవైపు పడింది. రెండోది అడ్డొచ్చిన విజయ మోచేతి మీద పడింది. ఎముక విరగడం ఆమెకు నొప్పి కంటే ముందు చప్పుడుగా తెలిసింది. ఆమె మైకు తెగి ఎటో పోయింది. టీక్యా నీలి జుట్టు పట్టి నేలకు కొట్టి, ఆమె మీద వంగి, తమ లంబాడీ భాషలో ఏదో అంటూ కొట్టాడు. వెనక నుంచి టీక్యా మెడ పట్టుకోబోతే, రాడు తగిలి సంజీవ దవడ పగిలింది. గూడ్సు వెళ్లిపోయాక అరుపులు బయటికి వినపడ్డాయి. పక్కింటి గ్యాంగ్‌మన్ భిక్షం వచ్చి రాడు గుంజుకునేసరికి నీలి కదలడం లేదు.

పోలీసుల ముందు టీక్యా ఒక్కటే మాట అన్నాడు: "మాట్లాడనీకి పోయిన. తోపులాటల వాళ్లే పడ్డరు."

కెమెరాలో కనిపించేది గోడ. విజయ ట్రాకులో కీచుమనే చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. కానీ నీలి మైకు ఆమె రవికకే ఉంది. అతను వంగిన ప్రతిసారీ గొంతు దానికి దగ్గరైంది. గూడ్సు మోత దూరంగా, దెబ్బలు, మాటలు దగ్గరగా పడ్డాయి. కాపీ ఒకటి ఉంచుకుని, అసలు మెమరీ కార్డును పోలీసులకే ఇచ్చింది విజయ.

ఈలోగా పట్నం టీవీ ఛానెల్ ఒకటి దెబ్బలు వినిపించే ఆ ముక్క అడిగింది. సంజీవ కట్టు కట్టిన దవడతోనే అన్నాడు: "లోకానికి తెల్వాలె గదక్కా. ఆని గొంతు ఇననీ."

"నీలి ఇంకా ఇనలే," అంది విజయ.

మహబూబాబాద్ దవాఖానలో నీలి కుడిచెవికి హెడ్‌ఫోను పెట్టి వినిపించింది. నీలి చివరిదాకా విని, కళ్లు మూసుకుంది.

"ఏమంటుండు?" అని విజయ అడిగింది.

"నిన్ను బొంద పెడితే అడిగేటోడు ఎవడు, అంటుండు." నీలి హెడ్‌ఫోను తీసేసింది. "గిది పోలీసోళ్లకే ఉండనీ. నేను ఏడ్సుడు నా బిడ్డ ఇనొద్దు. బండి రాకముందు నేను చెప్పింది పెట్టు. నా పేరు గూడ పెట్టు."

విజయ విరిగిన చెయ్యి మెడకు వేలాడుతుండగా అనుమతి కాగితం పైనుంచి కిందిదాకా చదివి వినిపించింది. ఏ భాగం వాడొచ్చో, ఏది వాడకూడదో అందులోనే రాయించింది. నీలి సంతకం పెట్టింది.

పట్నం ఛానెల్‌కు కుదరదని చెబితే సంజీవ రెండు వారాలు పనికి రాలేదు. ఆ తర్వాత వచ్చాడు. నీలి ఒప్పుకున్నంత వరకే పెట్టిన వీడియోను ఎక్కువమంది చూడలేదు. టీక్యాకు కొన్ని నెలల్లోనే బెయిలొచ్చింది. కేసు నడుస్తూనే ఉంది. నీలి భూమి మాత్రం రాసివ్వలేదు. ఆ ఏడు మిర్చి తనే వేయించింది. విజయ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిన్నగా రాదు. గదికి లోపలి నుంచి గొళ్లెం పెట్టించింది. గూడ్సు వచ్చినప్పుడల్లా ఇప్పుడు ఆమె అతిథిని చూడదు, తలుపునే చూస్తుంది.