ఆయన లేకపోతే ఆఫీసు నడవదు

మా నీటి సరఫరా ఆఫీసులో ఏ వీధి కింద ఏ పైపు పోతుందో తెలిసిన మనిషి ఒక్కడే, మా డ్రాఫ్ట్స్‌మన్. మ్యాపులు గీయడం అతని ఉద్యోగం. కానీ సగం మ్యాపులు చెదలు తినేశాయి, మిగతా సగం అతని బుర్రలోనే ఉన్నాయి. ఎక్కడ పైపు పగిలినా ఫోను అతనికే. అన్నం ముద్ద నోట్లో ఉండగానే "చెప్పుల కొట్టు ముందు మూడడుగులు తవ్వండి, వాల్వు అక్కడే" అని చెప్పేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. అందరం అతన్ని "మ్యాపు" అనేవాళ్లం. నన్ను మాత్రం అక్కా అని పిలిచేవాడు. నేను ఆ ఆఫీసులో హెడ్ క్లర్కుని. నోరు పెద్దదని పేరుంది, కలం అంతకన్నా పెద్దదని నాకు గర్వం ఉండేది.

ఒక వేసవిలో అతను చేతిలో కాగితాలతో నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, చిట్టికి కిడ్నీలు ఇంక ఎక్కువ రోజులు పనిచెయ్యవంట. ఆర్నెల్లలో డయాలసిస్ తప్పదన్నాడు డాక్టరు."

చిట్టి అతని కూతురు. తొమ్మిదేళ్లు. మా ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ మిషను ఉంది కానీ పెద్దవాళ్లకే. పిల్లలకు చెయ్యాలంటే నాలుగు గంటల దూరంలో ఉన్న నగరానికే పోవాలి. వారానికి మూడుసార్లు.

"అక్కడి ఆఫీసుకి బదిలీ అడుగుదామని. నువ్వు రాసిపెట్టవా?"

"రాయకుండా ఊరుకుంటానా! కూర్చో ముందు," అన్నాను.

ఆ దరఖాస్తు నేను మనసు పెట్టి రాశాను. జబ్బు పేరు, ఎప్పటి నుంచి ఉందో, డాక్టరు సర్టిఫికెట్టు, రక్తపరీక్షల నకళ్లు, నగరంలోని పిల్లల ఆసుపత్రి ఇచ్చిన చీటీ, అన్నీ వరసగా కుట్టాను. ఇలాంటి దరఖాస్తు నేరుగా పైఆఫీసుకి పోదు. కింద మా ఇంజనీరు గారి అభిప్రాయం రాసి, సంతకం పెట్టి పంపాలి. ఆ అభిప్రాయం కూడా రాసేది నేనే. ఆయన చదవకుండా సంతకం పెడతారు, అది మా ఆఫీసు సంప్రదాయం.

ఎవరి కాగితం వెళ్లినా నాలుగు మంచిమాటలు చేర్చి పంపడం నాకు అలవాటు. ఇతను నా తమ్ముడిలాంటివాడు, నాలుగుతో ఆగుతానా? "ఈ ఉద్యోగి అత్యంత సమర్థుడు. నిజం చెప్పాలంటే ఆయన లేకపోతే ఈ ఆఫీసు నడవదు. ఆయన అభ్యర్థనను సానుభూతితో పరిశీలించగలరు" అని రాశాను. అతనికి చదివి వినిపించాను కూడా. సిగ్గుపడిపోయాడు.

"మరీ అంతొద్దక్కా."

"నువ్వు నోర్మూసుకో. మంచోడని తెలిస్తేనే కదా పని చేసిపెడతారు," అన్నాను.

రెండు నెలలకి జవాబు వచ్చింది. "సదరు ఉద్యోగి సేవలు ప్రస్తుత స్థానంలో అత్యావశ్యకమని కార్యాలయాధికారే తెలిపినందున అభ్యర్థన తిరస్కరించడమైనది."

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. ఎదురవడం ఏమిటి, నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పైఆఫీసులో నాకు తెలిసిన గుమాస్తాకి ఫోను చేసి అరిచాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మేడం, కమిటీ ముందు రెండొందల దరఖాస్తులుంటాయి. పిల్లల జబ్బులు, తల్లిదండ్రుల జబ్బులు, అన్నీ నిజాలే. వాళ్లు ముందు చూసేది ఒక్కటే, ఆ మనిషిని వదిలితే అక్కడ పని ఆగుతుందా లేదా. ఆగుతుందని మీరే రాసిచ్చారు."

వెంటనే ఇంకో కాగితం పంపాం. ఈ ఏడాది బదిలీలు ముగిశాయి, వచ్చే ఏడాది జాబితాలో చూస్తాం అని బదులొచ్చింది. ఇంజనీరు గారు స్వయంగా వెళ్లి అడిగొచ్చారు. అదే మాట.

శీతాకాలంలో చిట్టికి డయాలసిస్ మొదలైంది. మెడ దగ్గర గొట్టం పెట్టారు. తల్లీకూతుళ్లు తెల్లవారకముందే బస్సెక్కేవాళ్లు. నాలుగు గంటల ప్రయాణం, మిషను దగ్గర నాలుగు గంటలు, మళ్లీ నాలుగు గంటలు. మిగిలిన రోజుల్లో పిల్ల పడుకునే ఉండేది. అక్కడే గది తీసుకుని ఉండమని నేనన్నాను. రెండు నెలలు అలాగే ఉన్నారు. పిల్ల నాన్న కావాలని అన్నం మానేస్తే వెనక్కి తీసుకొచ్చారు. అతని సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి.

ఒకసారి పిల్లని చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. కిటికీలో మందుచీటీ పక్కన చిన్న గిన్నె ఉంది. రోజు మొత్తానికి ఆ పిల్ల తాగాల్సిన నీళ్లు ఆ గిన్నెతో కొలిచే ఇస్తారు, మూడు గిన్నెలు దాటకూడదు.

"అత్తా, నాన్న ఊరందరికీ నీళ్లిస్తాడు, నాకు మాత్రం పిసినారి," అంది చిట్టి. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. బయటికొచ్చాక గోడకి ఆనుకుని ఏడ్చాను.

కొత్త ఏడాది దరఖాస్తు మళ్లీ రాశాను. ఈసారి అభిప్రాయం రాయడానికి ఒక పూట పట్టింది. "ఈ ఉద్యోగి పనితీరు సాధారణం. ఆయన బదిలీ వల్ల కార్యాలయానికి ఎటువంటి నష్టమూ లేదు. ఆ పనిని ఉన్న సిబ్బందితో జరుపుకోగలం." పచ్చి అబద్ధం. ఇంజనీరు గారు మొదటిసారి చదివి సంతకం పెట్టారు. నేనిది మ్యాపుకి చదివి వినిపించలేదు.

డయాలసిస్ లేని ఒక రోజు మధ్యాహ్నం చిట్టికి వణుకుతో జ్వరం వచ్చింది. మెడలో గొట్టం ఉన్న పిల్లకి జ్వరమొస్తే ఒక్క గంట కూడా ఆగకూడదని అతనికి తెలుసు. మా ఊరి డాక్టరు ఒక ఇంజెక్షను ఇచ్చి, ఇక్కడ నావల్ల కాదు, నగరానికి తీసుకుపొమ్మన్నాడు. కారులో బయల్దేరారు. ఆ నాలుగు గంటలు ఎవరూ తగ్గించలేకపోయారు. ఆసుపత్రికి చేరేసరికి గొట్టం దగ్గర పట్టిన ఇన్ఫెక్షను రక్తమంతా పాకిందన్నారు. మూడో రోజు పిల్ల పోయింది.

పందొమ్మిది రోజుల తర్వాత బదిలీ ఆర్డరు వచ్చింది. నగరం ఆఫీసు, ఆసుపత్రికి రెండు వీధుల దూరం. నేను దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. అలా చెయ్యకూడదు. చేశాను.

అతను డ్యూటీలో చేరిన రోజు ఎవరో చెప్పేశారు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి కూర్చోమని చెప్పాల్సిన అవసరం రాలేదు.

"రద్దు చెయ్యమని రాసిపెట్టక్కా. ఆ వీధుల్లో నేను నడవలేను."

సొంతంగా అడిగి తెచ్చుకున్న బదిలీని రద్దు చెయ్యరు. కనీసం ఏడాది అక్కడ పనిచెయ్యాలి. ఆ సంగతి నాకు తెలిసి కూడా, రాస్తానని ఆర్డరు నంబరు కోసం ఫైలు తెరిచాను. పైనున్నది నా అభిప్రాయం కాగితం. మూసేలోపు అతను చూశాడు. ఫైలు తనవైపు తిప్పుకుని నిదానంగా చదివాడు.

"మొదటిసారి కూడా ఇట్లాగే రాసుంటే సరిపోయేదా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. కానీ అబద్ధాలు ఆ కాగితంలోనే అయిపోయాయి.

"సరిపోయేది తమ్ముడూ."

అతను తలూపాడు. తిట్టలేదు. తిట్టుంటే నేను బతికిపోయేదాన్ని. బల్ల మీద ఫోను మోగింది. నేను తియ్యలేదు. చాలాసేపు మోగాక అతనే తీశాడు. ఎక్కడో పైపు పగిలింది.

"బడి వెనక సందులో చూడండి, గేటు పక్కన రాయి కింద ఉంటుంది వాల్వు," అన్నాడు మామూలు గొంతుతో. "ఇప్పుడే మూసెయ్యకండి. ఇళ్లవాళ్లకి ముందు చెప్పండి, పిల్లలుంటారు, నీళ్లు పట్టుకుంటారు."