ఇరవై ఆరు సెకన్లు

గౌరమ్మ హూగార్‌కు ఆముదమంటే అసహ్యం లేదు. ఆ ఆముదంలో ఉక్కు గుండు వేయకుండానే లెక్క రాసేవాళ్లంటే అసహ్యం. విజయపురలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆమె పాఠం చెప్పినన్నాళ్లూ ఆ అసహ్యాన్ని దాచుకోలేదు. నేను పక్క బల్ల మీద కటకాల ప్రయోగం చేయించేదాన్ని కాబట్టి ఆమె చేత పిల్లలు ఎన్ని మాటలు పడ్డారో నాకు తెలుసు.

వాళ్లది గుడికి పూలు కట్టే ఇల్లు. తెల్లారకముందే మాలలు కట్టి, తడి చేతులతో బస్సెక్కి చదువుకుందట. ఆ అలవాటేనేమో, ఏ పనీ వేళ్లతో ముట్టుకోకుండా అయిందంటే నమ్మేది కాదు. మధ్యాహ్నం మేమంతా ఒకచోట కూర్చుంటే తను జొన్నరొట్టె, వేరుశెనగల సేంగా చట్నీ తెచ్చుకుని కిటికీ దగ్గర తినేది. "మీ కబుర్లు వింటే నాకు అరగదు" అనేది మొహం మీదే.

ఆమె ప్రయోగం పొడుగాటి గాజు జాడీది. జాడీ నిండా ఆముదం, పైనొకటి కిందొకటి గుర్తులు. చిన్న ఉక్కు గుండును ముందు ఆముదంలో ముంచి తడిపి, గాలిబుడగ అంటుకోకుండా చూసి, జాడీ నడిమధ్యన వదలాలి. గుండు మొదట కాస్త వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ నూనె అడ్డూ పెరుగుతుంది. బరువు కిందికి లాగేదీ, నూనె పైకి తోస్తూ అడ్డుకునేదీ సరిసమానమయ్యాక ఇక అదే వేగంతో, తొందర లేకుండా దిగుతుంది. అందుకే పై గుర్తు నూనె మట్టానికి బాగా కింద ఉంటుంది. రెండు గుర్తుల మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తే నూనె చిక్కదనం లెక్కకొస్తుంది. గుండు రెండింతలు లావైతే వేగం నాలుగింతలు. అంతే ప్రయోగం.

అంత తేలికైనదాన్ని కూడా మా పిల్లలు చేసేవాళ్లు కాదు. పుస్తకం వెనక పట్టికలో ఆముదం చిక్కదనం అంకె ఉంటుంది. దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటే ఆ జాడీకి, ఆ గుండుకి ఇరవై ఆరు సెకన్లు రావాలి. ఈ ఇరవై ఆరు సీనియర్ల నుంచి జూనియర్లకు, అక్కల నుంచి చెల్లెళ్లకు ఇంటి ఊరగాయలా అందుతూ వచ్చింది. పట్టిక పక్కన చిన్నక్షరాల్లో 'ఇరవై డిగ్రీల దగ్గర' అని ఉంటుంది. దాన్నెవరూ చదవరు. మా పరీక్షలు ఏప్రిల్‌లో. విజయపుర ఏప్రిల్‌లో ఆముదం పలచబడి నీళ్లకి అన్నలా ఉంటుంది.

శాంభవి తళవార ఒక్కతే గుండు వేసి చూసింది. పది సెకన్ల లోపే దిగింది. అదే రాసింది, ఫెయిలైంది. అది నిరుటి మాట. ఈసారీ పోతే డిగ్రీ చేతికి రాదు, బీఎడ్ సీటు దక్కదు. ఆ పిల్లకి టీచర్ కావాలన్నదొక్కటే పట్టుదల.

ఈసారి బయట కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి నాడగౌడ. ఆయన కోసం మిర్చి బజ్జీలు, మరమరాల గిర్మిట్టు, రెండు రకాల స్వీట్లు. ప్రయోగశాలలో తినకూడదని గోడ మీద బోర్డుంది. ఆయన ఆ బోర్డు కిందే కూర్చుని తిన్నాడు. తిన్న చేతిని పిల్లల జవాబు కాగితానికే తుడుచుకున్నాడు.

శాంభవి వంతు వచ్చింది.

"చిక్కదనం ఎంతొచ్చింది?"

"పాయింట్ మూడు నాలుగు సర్."

"పుస్తకంలో ఎంతుంది?"

"పాయింట్ తొమ్మిది ఎనిమిది సర్. అది ఇరవై డిగ్రీలకి. ఇప్పుడు నూనె ముప్పై నాలుగుంది, థర్మామీటరు పెట్టి చూశాను."

"ఈ హాల్లో అందరికీ తొమ్మిది ఎనిమిదే వచ్చింది. నువ్వొక్కదానివే తెలివైనదానివా?" అంటూ ఎర్ర పెన్ను తీశాడు.

గౌరమ్మ లేచి వచ్చింది. "ఆ గీత గీసేముందు ఒక్క గుండు వేయండి సర్. చేతికి నూనె ఎలాగూ ఉంది."

"ఎందుకమ్మా, ఎన్నేళ్ల నుంచీ వస్తున్న లెక్క..." అని ఆయన అంటూండగానే ఆమె గుండు తడిపి వదిలింది. ఆయన మాట పూర్తయ్యి, ఇంకో బజ్జీ అందుకునేలోపు గుండు అడుగుకు చేరింది. పక్క బల్ల దగ్గర కుర్రాణ్ణి అడిగిందామె: "నీకెంత పట్టింది నాయనా?"

"ఇరవై ఆరు మేడం," అన్నాడు వాడు నేల చూస్తూ.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు నాడగౌడ. "నూనె వేడెక్కిపోయింది, అంతే. ఐసు తెప్పించండి" అన్నాడు.

చెరుకురసం బండి దగ్గర్నుంచి ఐసు వచ్చింది. జాడీని బకెట్లో దించి, చుట్టూ ఐసు కూరి, గాజు కడ్డీతో కలుపుతూ కూర్చున్నారు. చదువుకున్న పెద్దమనుషులు, నూనె పుస్తకం మాట వినేదాకా దాన్ని బుజ్జగిస్తున్నారు. కాసేపటికి గుండు వేస్తే సగం దారి కూడా దిగలేదు, బురదలో దిగబడ్డ దున్నలా నిమ్మళంగా పోతోంది. ఐసు ఎక్కువైంది. "బయటికి తీయండి, బయటికి తీయండి" అన్నాడాయన. బయట పెట్టి, మళ్లీ కలిపి, మళ్లీ గుండు వేసి, మళ్లీ చూసి, ఎట్టకేలకు ఇరవై ఆరు దరిదాపుల్లోకి తెచ్చాడు. "చూశారా, పుస్తకం కరెక్టే" అన్నాడు. పుస్తకం తప్పని ఎవరన్నారు? ఆ మొహం మీద గెలిచిన సంతోషం చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

"ఊ, ఇప్పుడు చెయ్యమ్మా. సరైన అంకె రాస్తే పాస్ చేస్తా."

శాంభవి గుండు తడిపి, బుడగ లేకుండా చూసి, మధ్యన వదిలింది. కానీ ఈలోపు నూనె మళ్లీ కాస్త వేడెక్కింది. స్టాప్‌వాచ్ పంతొమ్మిది చూపించింది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆగిపోయింది. నాడగౌడ తన గడియారం చూసుకున్నాడు.

"ఏమ్మా, నాకు బస్సుంది. ఎంతొచ్చింది?"

ఆ పిల్ల ఆయన్ని చూడలేదు. గౌరమ్మ వైపు చూసింది. మేమందరం గౌరమ్మ వైపే చూశాం. ఎన్నేళ్లుగా పిల్లల్ని దొంగ లెక్కలు రాసినందుకు తిట్టిన మనిషి.

గౌరమ్మ జాడీ వైపు చూస్తూ అంది: "ఇరవై ఆరు రాయి తల్లీ."

శాంభవి రాసింది. నాడగౌడ సంతకం పెట్టి, మిగిలిన స్వీట్లు కట్టించుకుని వెళ్లిపోయాడు. హాలంతా పాసైంది. ప్రతి పరీక్ష తర్వాతా వచ్చి గౌరమ్మ కాళ్లకు దండం పెట్టే ఆ పిల్ల ఈసారి బ్యాగు భుజానికేసుకుని, ఆమె పక్కనుంచే తలదించుకుని వెళ్లింది.

నేను వెళ్లి సింకు దగ్గర నిలబడ్డాను. గౌరమ్మ సబ్బుతో చేతులు తోముకుంటోంది, ఎంత తోమినా జిడ్డు పోవడం లేదు.

"వేరే దారేముంది గౌరక్కా, దాని ఏడాది నిలబెట్టావు" అన్నాను.

"నిలబెట్టాను. రేపు టీచరవుతుంది," అంది. కుళాయి కట్టేసింది. "దాని క్లాసు పిల్లలు ఎంత రాయాలీ అనడిగితే, నా గొంతుతోనే చెబుతుంది."