ప్లాస్టిక్‌కి పట్టిన తుప్పు

మా అక్క మొగుడికి వన్ టౌన్‌లో సైకిళ్ళ కొట్టుంది. ఇంట్లో సైకిలు మాట వస్తే ఆయన చెప్పిందే వేదం. నేను ఆస్పత్రి లాబ్‌లో పనిచేస్తాను. పోర్టు రోడ్డు మీదుగా గేర్ల సైకిలు మీద డ్యూటీకి పోతుంటే మొదట్నించీ బావకి కడుపుమంటే. ఆడపిల్లకి గేర్లెందుకని మా నాన్న దగ్గర గొణిగేవాడు.

ఒకరోజు చైను కిర్రుమని చప్పుడు మొదలెట్టింది. చూస్తే ఎర్రగా ఉంది. వెనక చక్రం పక్కన కూర్చుని ఫోటో తీసి, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మళ్ళీ నూనె వేస్తే సరిపోతుందా బావా అని అడిగాను. మర్యాదకి అడిగాను, అదే నా ఖర్మ.

బావ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఇది అయిపోనాదే మరదలా. సైను తుప్పట్టీసింది, గేరు పళ్ళూ పోనాయి. ఇంకేటి నూనేత్తావు? దార్లో తెగితే లారీ కిందకెల్లిపోతావు. నా కొట్టుకి తోలియ్, తుక్కులో ఏసీసుకుంటాను."

లారీ అనే మాట మా నాన్నకి సూటిగా తగిలింది. "ఆదివారం బావొస్తాడు. సైకిలు ఇచ్చీ. ఇకనించి ఆటోలో ఎల్లు" అన్నాడు. అంతే, నా సైకిలు ఊడింది. షేర్ ఆటోలో నలుగురి మధ్య నలిగి, దిగమన్నచోట దిగి పరిగెత్తే బతుకు మళ్ళీ వచ్చిపడింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే ఫోటోని పెద్దది చేసి చూశాను. చైను ఎర్రగా ఉంది, సరే. కానీ చైను చుట్టుకు తిరిగే రెండు చిన్న చక్రాలు, గేరు కింద వేలాడేవి, అవీ అంతే ఎర్రగా ఉన్నాయి. అవి ప్లాస్టిక్‌వి. ప్లాస్టిక్‌కి తుప్పెలా పడుతుంది? టైరు పక్కనా అదే ఎరుపు. అప్పుడు వెలిగింది. పోర్టు రోడ్డులో ఇనప ఖనిజం లారీల వెనకాలే నా ప్రయాణం. నూనె వేసి తుడవకుండా వదిలేస్తున్నాను, ఆ జిగురుకి ఎర్ర ధూళి అంటుకుంటోంది. గేరు పళ్ళు కూడా చూశాను. అరిగిన పన్ను ఒక పక్కకి కొక్కెంలా వాలుతుంది. నావి రెండు పక్కలా సమంగానే ఉన్నాయి.

ఇదంతా గ్రూపులో రాసెయ్యొచ్చు. రాయలేదు. అందరి ముందూ జరగాలి ఇది, అనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకి కూర్చోబోతుంటే సైకిలు హాల్లోకి తెచ్చి నిలబెట్టాను. "బావా, తుప్పు తుడిస్తే పోద్దా?" అన్నాను. "తుప్పు తుడిత్తే ఎలా పోద్దే!" అని నవ్వాడు. కిరసనాయిలులో ముంచిన తెల్లగుడ్డతో చైను పట్టుకుని పెడలు వెనక్కి తిప్పాను. గుడ్డ ఎర్రబడింది. చైను మెరిసింది. తర్వాత ముందు పళ్ళచక్రం దగ్గర చైనుని ముందుకి లాగి చూపించాను. సాగిపోయిన చైనైతే పన్ను సగం బయటపడి కనిపిస్తుంది, ఇది కదలనే లేదు. లింకుకో చుక్క నూనె వేసి, తిప్పి, పైన మిగిలింది తుడిచేశాను. కిర్రు ఆగిపోయింది.

"ఫోటోలో అలా కనిపించింది మరి" అన్నాడు బావ, అన్నం కలుపుకుంటూ. మా నాన్న "పోన్లే, సైకిలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. అక్కడితో ఆగొచ్చు. నాకు కడుపు నిండలేదు.

చైను ఫోటో, ఎర్రగుడ్డ ఫోటో పక్కపక్కన పెట్టి మా చర్చి గ్రూపులో వేశాను. ఆ గ్రూపులో సగం మంది సైకిళ్ళు బావ కొట్టులోనే బాగవుతాయి. 'ఈ చైను పారెయ్యమన్నది మా బావ' అని రాశాను. నవ్వు బొమ్మలు కుప్పలుగా పడుతుంటే ఒక్కోటీ చూసుకుని మురిసిపోయాను. ఇంత తీపిగా ఉంటుందని అప్పటిదాకా తెలీదు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "సైన్లు మార్పించుకున్నోలు కొట్టుకొచ్చి, పాత సైన్లు సూపించమని గొడవ సేత్తన్నారే. ఆ ఫోటో తీసియ్యే."

"బావ చెప్పించాడా?"

"ఆయనకి నాను ఫోన్ సేసినట్టే తెల్దు. నా కోసం తీసియ్యే."

"తియ్యను" అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.

డ్యూటీకి పోయే దారిలోనే వాళ్ళ ఇల్లు. మేడ మీద అక్క బట్టలు ఆరేస్తూ కనబడితే బెల్లు కొడతాను. ఒకసారి చూసి, చేతిలో తడిబట్ట బకెట్లో పడేసి లోపలికి వెళ్ళిపోతుంది. ఫోటో ఇంకా గ్రూపులోనే ఉంది.