ఏడు తెల్ల చుక్కలు

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. మా షాపుల కాంప్లెక్స్ ఓనరుగారి ఎన్నికల పోస్టరు నా ప్రింటింగు షాపులో నేనే చేశాను. వర్తకుల సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డాడాయన. ఫోటోలో గడ్డం పాలపిండి రాసుకున్నట్టుంటే, కంప్యూటర్లో ఒక్క బకెట్టు నలుపు ఒంపేశాను. నవ్వుకుని చెరిపేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఈలోపు ఆయన వచ్చి చూసి మురిసిపోయాడు. నలభై కాపీలు తీయించి అతికించేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. పోస్టరులో ఒకలా, బయట ఒకలా ఉంటే బాగోదని, ఆ సాయంత్రమే రంగు డబ్బా తెచ్చుకుని ఇంట్లో గడ్డమంతా నల్లగా పులిమేసుకున్నాడు. మర్నాటికి మార్కెట్టంతా ఆయనకు ‘బూటు పాలిష్’ అని పేరు పెట్టేసింది.

ఆ దెబ్బ తగిలింది మాత్రం నా పక్క షాపు కత్తెర బాబాయ్‌కి.

కత్తెర బాబాయ్ ముప్పై ఒక్క ఏళ్లుగా అదే షట్టరు కింద క్షవరం చేస్తున్నాడు. రెండు కుర్చీలు, ఒక అద్దం, ఆ అద్దం మూల చిన్న పగులు. గడ్డాలకు రంగు వేయించుకోవాలంటే ఊరి అవతలి నుంచి కూడా ఆయన దగ్గరికే వస్తారు. వచ్చినవాణ్ణి ఆయన మొదట అడిగేది పాత ఫోటో. వెంట్రుక ఎక్కడ మొదట నెరిసిందో ఫోటోలో వెతుక్కుని, అక్కడే నాలుగైదు తెల్లవి వదిలేస్తాడు. “మొత్తం నల్లగా ఉంటే గడ్డం కాదురా, గోడకి సున్నం కొట్టినట్టే. కాకపోతే నల్ల సున్నం” అంటాడు.

ఆ పేరు ఆయన కుర్చీలోనే పుట్టిందనుకుని, అలాంటివాణ్ణి నెలాఖరుకి షాపు ఖాళీ చేయమన్నాడు ఓనరు. గాజు తలుపుల సెలూన్ వాడెవడో వస్తున్నాడట. బాబాయ్‌కి వేరే పని రాదు, వేరే చోట కూర్చోలేడు. తాళం ఇచ్చే రోజు గురించి ఇంట్లో ఇంకా చెప్పలేదు కూడా.

పులుముకున్న పన్నెండో రోజున ఓనరే షట్టరు కిందకి దూరాడు. కుర్చీలో కూర్చుని మొహానికి కట్టుకున్న తువ్వాలు తీశాడు. బాబాయ్ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మొదళ్లలో బియ్యపు గింజకంటే కాస్త తక్కువగా కొత్త తెలుపు పెరిగింది. దాని మీద కారు నలుపు. దూరం నుంచి చూస్తే నల్ల గడ్డం ఊడి వేలాడుతున్నట్టుంది.

“నవ్వకు” అన్నాడు ఓనరు.

“నవ్వలేదండి. ఏడుపు ఆపుకుంటున్నా.”

“పెద్ద మీటింగు శుక్రవారం. మళ్లీ తెలుపు తెప్పించు, తర్వాత నువ్వు వేసే రంగు వెయ్యి. ఇప్పుడే.”

“నల్లరంగు వేసిన వెంట్రుకకి తెలుపు తిరిగి రాదండి. కత్తిరించాలి. కింద పెరిగిందే మీ అసలు సొత్తు. దాని మీదే ఏం చేసినా.”

“అయితే కత్తిరించు, రంగు వెయ్యి.”

“కత్తిరించడం ఇప్పుడు. రంగు ఎల్లుండి. ముందు చెవి వెనక రంగు చుక్క పెట్టి, పడుతుందో లేదో రెండు రోజులు చూడాలి.”

“ఇంట్లో వేసుకుంటే ఏమన్నా అయిందా నాకు?”

“అది వేరే డబ్బా. నాది వేరే డబ్బా. మీ మొహం వాచిపోతే పోస్టరు మళ్లీ మార్చాలి.”

ఓనరు అద్దంలోంచి బాబాయ్‌ని కొరకొరా చూశాడు. “నువ్వు కావాలనే లాగుతున్నావు. నెలాఖరు దాకా ఈ కుర్చీ నీది కదా అని. విను, ఇది చెడిందంటే నెలాఖరు కాదు, శుక్రవారమే తాళం.”

“బాగుంటే?”

“బాగుంటే చూద్దాం.”

“చూడాల్సింది మీరు కాదండి” అన్నాడు బాబాయ్, మిషనుకి ఒకటో నంబరు దువ్వెన తగిలిస్తూ. “బజారు.”

నల్లటి కొసలన్నీ గుట్టగా ఒళ్లో రాలాయి. మిగిలింది మూడు మిల్లీమీటర్ల తెల్ల మొలక. ఓనరు తువ్వాలు మళ్లీ మొహానికి కట్టుకుని, దొంగలా జారుకున్నాడు. చెవి వెనక చుక్క మాత్రం పెట్టించుకునే వెళ్లాడు.

ఆ రెండు రోజులూ బాబాయ్ నిద్రపోలేదు. చేతిలో కుంచె ఉంటుంది, కుర్చీలో శత్రువు ఉంటాడు. నాలుగు చోట్ల రంగు ఎక్కువ నానబెడితే చాలు, మొహమంతా మచ్చలు మచ్చలు. ‘ఎలాగూ పోయే షాపే కదా’ అని ఒక క్షణం అనుకున్నాడు కూడా. తర్వాత తన చేతులకేసి చూసుకుని, ‘ఈ చేతులతో చెడగొట్టడం నేర్చుకోలేదు, ఇప్పుడేం నేర్చుకుంటాం’ అని సణుక్కున్నాడు.

మూడో రోజు పొద్దున్నే చెవి వెనక తడిమి చూశాడు. దురద లేదు, ఎరుపు లేదు. సబ్బుతో గడ్డం కడిగి ఆరబెట్టాడు. ఓనరు పదేళ్ల కిందటి లైసెన్సు ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. చుబుకానికి ఎడమవైపు మూడు, కుడివైపు రెండు, కింది పెదవి కింద రెండు. అగ్గిపుల్ల కొసకి కాస్త వాసెలిన్ తీసుకుని, సరిగ్గా అక్కడే ఏడు చుక్కలు అద్దాడు. అది ఉన్నచోట రంగు పట్టదు. చెంపల అంచుల వెంట, మెడ మీద కూడా పూశాడు, చర్మానికి మరక అంటకుండా.

“నల్లదే కదా?” అన్నాడు ఓనరు.

“ముదురు గోధుమ. మీ వయసుకి నలుపు అబద్ధం చెబుతుంది, గోధుమ కాస్త నిజం చెబుతుంది.”

“మొహం మీద నిజాలు ఎవడు అడిగాడు?”

బాబాయ్ చేతులకి తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెలో రెండు రంగు గొట్టాలూ సమానంగా పిండి కలిపాడు. మొండి తెల్లవి ఎక్కువ ఉన్న చుబుకం దగ్గర మొదలుపెట్టి చెంపల మీదికి పలచగా దువ్వాడు. మీసం త్వరగా రంగు పట్టేస్తుందని చివర్లో వేశాడు. అయిదు నిమిషాలు. మధ్యలో తడి గుడ్డతో ఒక మూల తుడిచి చూశాడు. తర్వాత నీళ్లు తేటగా దిగేదాకా కడిగాడు.

ఓనరు అద్దంలోకి వంగాడు. రెండు క్షణాలు బాగానే ఉంది. మూడో క్షణంలో మొహం ఎర్రబడింది.

“ఇవేంటి? తెల్లవి! ఏడున్నాయి! వదిలేశావు!”

“వదిలానండి.”

“కావాలనే చేశావు. నన్ను బజార్లో నవ్వులపాలు చేద్దామని.”

“ఆ పని మీరు చేసుకున్నారుగా, నాకెందుకు?”

“వాటికీ రంగు వెయ్యి!”

“వెయ్యను. తాళం కావాలంటే అదిగో మేకుకి ఉంది, తీసుకెళ్లండి.”

ఓనరు తాళంకేసి ఒకసారి, అద్దంకేసి ఒకసారి చూశాడు. కుర్చీ దిగి బయటికి నడిచాడు. మొహం మాత్రం దాచుకోలేదు, దాచుకోవడానికి తువ్వాలు బాబాయ్ దగ్గరే ఉండిపోయింది.

ఎదురుగా టీ బండి. దాని వెనక నిలబడే టీ మామ, ‘బూటు పాలిష్’ అని మొదట పిలిచినవాడే. ఓనరు నడుస్తుంటే కళ్లు చిట్లించి చూశాడు. బాబాయ్ అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ చెవి అటే వేశాడు.

“ఏంటి బావా, ఒంట్లో కుదురుగా ఉన్నట్టుంది? మొహం తేటగా ఉంది. ఎక్కడికన్నా వెళ్లి విశ్రాంతి తీసుకున్నావా?”

ఓనరు ఆగిపోయాడు. గడ్డం తడుముకున్నాడు. టీ మామ రంగు ఊసే ఎత్తలేదు.

శుక్రవారం మీటింగు అయిపోయింది. నెలాఖరు వచ్చింది, దాటిపోయింది. తాళం అడగడానికి ఎవరూ రాలేదు. గాజు తలుపులవాడు పక్క వీధిలో ఎక్కడో కుదిరాడట. రంగు వేసిన మూడో వారం ఓనరు వచ్చి, పాత ఫోటో బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చున్నాడు. బాబాయ్ అగ్గిపెట్టె తీశాడు.

అంతా సర్దుకుంది కదా అని ధైర్యం చేసి, ఆ సాయంత్రం నేను వెళ్లి నిజం చెప్పేశాను. “బాబాయ్, ఆ పోస్టరుకి నలుపు ఒంపింది నేనే. ఒకరకంగా నీ షాపు నిలిపింది నేనే కదా.”

బాబాయ్ నన్ను పైనుంచి కిందకి చూశాడు. చూపు నా కొత్త మీసం దగ్గర ఆగింది. పెన్సిలుతో దిద్దుకున్నానని ఎవరికీ తెలియదనుకున్నాను.

“కంప్యూటర్లో ఎవడైనా నింపుతాడురా. నీ మూతి మీద చూసుకో. నేను వదిలిపెడదామన్నా, అక్కడ ఒక్క వెంట్రుకా లేదు.”