సందులో మిఠాయి అంగడి

ప్రొద్దుటూరులో మిఠాయి అంగడికని రెండు రూములు చూశాం. మెయిన్ రోడ్డు రూముకి అద్దె, పక్క సందులో రూముకంటే రెట్టింపు. అడ్వాన్సూ అంతే. జనం తిరిగే చోటే బేరమని నా బామ్మర్ది ఒకటే గోల. సరే, వచ్చిపోయే మనుషుల్ని లెక్కేసి చూద్దామని సాయంత్రం చెరొక చోట కూర్చున్నాం. సందులో నాకు మనుషులకన్నా మేకలే ఎక్కువ కనబడ్డాయి. బామ్మర్ది మాత్రం వంద దాటగానే ఫోన్ చేసి గంతులేశాడు.

అనుమానమొచ్చి అక్కడికి వెళ్లాను. పచ్చ చొక్కా పెద్దాయన ఒకాయన నా కళ్లముందే నాలుగుసార్లు అటూ ఇటూ పోయాడు. ఆపి అడిగాను.

"షుగరప్పా. డాక్టరు నడవమని చెప్పినాడు. ఈడ నడిచేటోళ్లందరం అదే బాపతు."

ఆయన్ని బామ్మర్ది నాలుగుసార్లూ లెక్కేసుకున్నాడు! ఒళ్లు మండి సందులో రూమే తీసుకున్నాను.

అంగడి తెరిచిన సాయంత్రం మొదటి బేరం ఆ పచ్చ చొక్కాయనదే. అరకిలో మైసూర్‌పాక్ అడిగాడు. నేను నోరు తెరిచేలోగా వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

"శానా మంచి చోట పెట్టినావప్పా. మెయిన్ రోడ్డులో అయితే మా ఇంటోళ్లు చూచ్చారు."

ఆయన వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు, అందరూ నడక బూట్లతోనే.