నవ్వులక్క అడిగినవి మూడే

ఆవిడ అసలు పేరు ఆఫీసులో సగంమందికి తెలియదు. నవ్వులక్క అంటే చాలు, గేటు దగ్గర గార్డు మొదలుకొని మేనేజర్ దాకా అందరూ ప్లానింగ్ టేబుల్ వైపు చూపించేవాళ్లు. ఏం చెప్పినా నవ్వుతుంది, తల ఊపుతుంది. కోపమన్నది ఆవిడ ఇంటా వంటా లేదని అందరి నమ్మకం. ఏం నవ్వులో, ఏం తల ఊపులో! వినపడక నవ్వేది ఆ మహాతల్లి. అది ఎవరికి పట్టింది?

లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. ఏ భవనానికి ఏ రోజు మెకానిక్కులు వెళ్లాలో తేదీలు వేయడం ఆవిడ పని. కాన్పు తర్వాత మొదలైన చెవుడు ఏటికేడు ముదురుతూ వచ్చింది. రెండు చెవులకీ మిషన్లున్నాయి, పైన జుట్టు కప్పుకునేది. మిషన్ పెట్టుకుంటే ఇంకేం, అంతా వినపడుతుందనుకుంటారు జనం. అక్కడే వచ్చింది తంటా. అది మాటనీ పెంచుతుంది, గోలనీ పెంచుతుంది. ఆవిడ కుర్చీ వెనకాలేమో టీ మిషన్, పక్కనేమో ప్రింటరు. రోజంతా ఆ రొదలో ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం వెతుక్కుని, సాయంత్రానికి తల దిమ్మెక్కి ఇల్లు చేరేది.

ఇన్నేళ్లు నెట్టుకొచ్చిందంటే స్టోర్స్ వదిన చలవే. వదినంటే చుట్టం కాదు, పక్క సీటు. మీటింగులో కాగితం ముక్క మీద గబగబా నాలుగు మాటలు గీకి టేబుల్ కింద నుంచి అందించేది. "తేదీ మారింది." "నిన్నే అడుగుతున్నాడు, చూడు." అందరూ గొల్లున నవ్వినప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే రాసేది: "ఏదో జోకులే, నవ్వేయ్." నవ్వులక్క నవ్వేసేది. మీటింగవగానే వదిన ఆ ముక్కలన్నీ చింపి చెత్తబుట్టలో పడేసేది.

వదిన రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మొదటి మీటింగులోనే కొంప మునిగింది. మేనేజర్ సార్‌కి బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు. వృద్ధాశ్రమం లిఫ్టు ఆపే రోజు మార్చామని బోర్డుకే చెప్పి, ఇటు తిరిగి "సరేనా?" అన్నాడు. ఆ 'సరేనా' ఒక్కటే ఆవిడకి అందింది. తల ఊపింది. మన మీటింగుల్లో తల ఊపితే ఒప్పుకున్నట్టే కదా! మెకానిక్కులు పాత తేదీకే వెళ్లి లిఫ్టు ఆపేశారు. అది డాక్టరు వచ్చే రోజు. పైఅంతస్తులో ఉన్న ఓ ముసలావిడని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ఆవిడ దారి పొడుగునా ఏడుస్తూనే ఉందట.

"మీటింగులో తల ఊపారు కదమ్మా! ఊపి మర్చిపోతే ఎలా?" అని సార్ కేకలేశాడు. "ఇంకోసారి ఇలా జరిగితే ప్లానింగ్ వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుంది."

మర్చిపోలేదు సార్, వినపడలేదు అన్న మాట గొంతు దాకా వచ్చింది. "సారీ సార్" అని బయటికొచ్చింది.

ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన మంచివాడే, కాకపోతే పిరికి మంచితనం. "చెప్పుకుంటే చులకనైపోతావ్. చెవిటిదని ముద్రేస్తారు. ఎలాగోలా సర్దుకుపో" అన్నాడు.

"ఆ పెద్దావిడని కుర్చీలో మోసుకొచ్చారండీ. ఇంకా ఎంత సర్దుకోను?" అని ఆవిడ కూర్చుని ఉత్తరం రాసింది. ప్లానింగ్ పని ఆవిడకి ప్రాణం. అది చేతిలోంచి పోతుందేమోనన్న భయంతో రాసింది.

"సార్, నాకు రెండు చెవులా వినికిడి బాగా తగ్గింది. ఎదురుగా, ఒక్కరే, గోల లేనిచోట మాట్లాడితే అర్థమవుతుంది. అటు తిరిగి మాట్లాడినా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా అర్థం కాదు. వృద్ధాశ్రమం విషయంలో జరిగింది అదే. మూడు ఏర్పాట్లు అడుగుతున్నాను. మీటింగుల్లో మాటలు తెర మీద అక్షరాలుగా కనిపించే క్యాప్షన్లు పెట్టండి. టీ మిషన్‌కీ ప్రింటర్‌కీ దూరంగా, గోడకి వీపు ఆనేలా, వచ్చేవాళ్ల మొహాలు కనిపించేలా ఒక సీటు ఇవ్వండి. మీటింగు అయ్యాక ఏం నిర్ణయించారో, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలో రాసి అదే రోజు పంపండి. కొన్నాళ్లు చేసి చూద్దాం, కుదరనివి మాట్లాడుకుని మారుద్దాం. వినికిడి పరీక్ష రిపోర్టు అవసరమైతే ఇస్తాను. నా పని నేను బాగా చేయాలని ఇవి అడుగుతున్నాను."

సార్ గదిలోకి పిలిచాడు. ఈసారి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడాడు. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నవ్వితే సరిపోయేది సార్."

ఆయన ఉత్తరాన్ని హెచ్ఆర్‌కి పంపాడు, రిపోర్టు అడిగితే ఆవిడ ఇచ్చింది. చివరి వరసలో గోడ పక్కన సీటు వచ్చింది. మీటింగు గదిలో మధ్యన పెట్టిన ఒక్క మైకుతో అక్షరాలన్నీ తప్పులతడకగా పడుతుంటే, ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు మాట్లాడాలని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని సారే చెప్పాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ అడిగినవన్నీ ఆయన చేశాడు.

అలా సరిచేశాక మొదటి మీటింగులో గోడ మీది తెరకి క్యాప్షన్లు చక్కగా వచ్చాయి. నవ్వులక్కకి కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరు ఏమన్నారో ఎవరి దయా లేకుండా తనకే తెలుస్తోంది! అక్షరాలు మాటకన్నా కాస్త వెనకపడి వస్తున్నాయి, అయినా సరే. ఓ భవనానికి తేదీ కుదరక అందరూ తర్జనభర్జన పడుతున్నారు. సేల్స్ తమ్ముడు ఏదో అన్నాడు. రోజూ అక్కా అక్కా అంటూ చుట్టూ తిరిగి తేదీలు ముందుకి జరిపించుకునేవాడు వాడు. గది గొల్లుమంది. ఆవిడా నవ్వింది. ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది?

అప్పుడు తెర మీద పడింది ఆ వాక్యం.

"నవ్వులక్క మీద తోసేయండి సార్, ఏమడిగినా గంగిరెద్దులా తల ఊపేస్తుంది."

అది గదంతా చదివింది. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. ఆవిడ మొహం మీది నవ్వు మాత్రం ఎలా తీసేయాలో తెలియక అలాగే ఉండిపోయింది. సేల్స్ తమ్ముడు తల దించుకున్నాడు. సార్ గొంతు సవరించుకుని తర్వాతి భవనం పేరు చదివాడు. అదీ తెర మీద పడింది.

సాయంత్రం బస్సులో కూర్చుని వదినకి మెసేజ్ పెట్టింది. "వదినా, ఏదో జోకులే అని రాసేదానివి. అవన్నీ నా మీదేనా?"

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. "అన్నీ కాదే పిచ్చిదానా" అని వచ్చింది. ఇంకాసేపటికి, "నువ్వు నవ్వుతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. చెప్పే ధైర్యం లేకపోయింది" అని వచ్చింది.

బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది. ఆవిడ ఎన్నేళ్ల నవ్వులు తలుచుకుని ఏడ్చిందో ఆవిడకే తెలియాలి.

మర్నాడు సేల్స్ తమ్ముడు వచ్చి గోడ పక్కన నిలబడి క్షమించమన్నాడు. పర్లేదంది. పని సాఫీగానే సాగుతోంది. నోట్సు ఏ రోజుది ఆ రోజే వస్తుంది, ఒక్క తేదీ తప్పిపోలేదు. ఆ ముసలావిడ ఉండే ఆశ్రమానికి లిఫ్టు పని ముందురోజు తనే ఫోన్లో మెసేజ్ పెట్టి సరిచూసుకుంటుంది. మీటింగులో జోకులు తగ్గిపోయాయి. ఎప్పుడైనా ఎవరో ఒకటి అంటే, ఆవిడ తెర వైపు చూస్తూ కూర్చుంటుంది. అక్షరాలు వచ్చేసరికి మిగతావాళ్ల నవ్వు అయిపోతుంది. నిజంగా నవ్వొచ్చే మాటే అయినా, అప్పుడు ఒక్కత్తీ ఏం నవ్వుతుంది?

నవ్వులక్క అని ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు. సేల్స్ తమ్ముడు కూడా ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "మేడమ్" అంటున్నాడు.